గాలివాన రాత్రి మా జనరేటర్ రెండుసార్లు ఎందుకు ఆగిపోయింది? (మీ అనుభవాలూ చెప్పండి)

పసుపుచేను:
2023 డిసెంబర్ 5, మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు. మాది కొల్లిపర వైపు, ఊరికి కిలోమీటరు అవతల చేలో ఇల్లు. సాయంత్రం ఏడింటికి కరెంటు పోయింది. మా అమ్మకి ఆక్సిజన్ మెషీన్ ఉండాలి. చిన్న సిలిండర్ ఒకటుంటే దానికి మార్చాం. ముల్లు ఎంత దిగిందా అని పది నిమిషాలకోసారి టార్చి వేసి చూడటమే పని.

రాత్రి పదింటికి ఊళ్లో లైట్లు వెలిగాయి, మాకు రాలేదు. లైన్‌మన్‌కి ఫోన్ చేస్తే, "సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఫీడర్ లైన్ నిలబడట్లేదండీ, వేయగానే పడిపోతోంది. కాలవ వంతెన దగ్గర లైన్‌ని విడదీసే ఏబీ స్విచ్ తెరిచి ఊరివరకు నిలబెట్టాం. ఫాల్ట్ మీ వైపే ఉంది, వెతుక్కుంటూ వస్తున్నా" అన్నాడు. ఊళ్లోవాళ్ళకి వచ్చి మాకు రాలేదన్న ఉక్రోషంలో నాకు అది చెవికెక్కలేదు. నోటికొచ్చినట్టు మాట్లాడాను.

పదకొండింటికి తెనాలి నుంచి మా బావమరిది 5 కేవీఏ జనరేటర్‌ని ట్రాలీ ఆటోలో తెచ్చాడు. రెండు వైపులా ప్లగ్ ఉన్న వైరొకటి చేసి, వసారాలోని పెద్ద సాకెట్‌లో పెట్టి స్టార్ట్ చేశాం. ఇల్లంతా వెలిగింది. అమ్మ మెషీన్ ఆన్ అయింది. పావుగంట బాగానే నడిచింది. ఉన్నట్టుండి జనరేటర్ గొంతు పట్టేసినట్టు మూలిగి ఆగిపోయింది. పెట్రోలు చూస్తే ఉంది. మళ్ళీ తాడు లాగాను. అంటుకున్నట్టే అంటుకుని మళ్ళీ అదే మూలుగు.

మూడోసారి లాగబోతుంటే బండి మీద తడిసి ముద్దయిన కుర్రాడొకడు వచ్చాడు, లైన్‌మన్ హెల్పర్. "ఆపండి, ఆపండి! అన్న మీ పక్క స్తంభం దగ్గరున్నాడు" అని అరిచాడు. నేరుగా మీటరు దగ్గరికెళ్ళి మెయిన్ దించేశాడు. అప్పుడు నాకేమీ అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, మేము వెలిగించింది ఒక్క మా ఇంటిని కాదని. మా జనరేటర్ కరెంటు వెనక్కి వెళ్ళి, ట్రాన్స్‌ఫార్మర్ దాటి పైన 11 కేవీ లైన్‌లోకి పోయిందని లైన్‌మన్ అన్నాడు.

బెజవాడ బాబాయ్:
230 వోల్టులు వెనక్కి వెళ్తే ఎంత వెళ్తుంది గురూ? ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఆగిపోతుంది. పైన 11 కేవీ లైన్ వేరు, కింద మన లైన్ వేరు. మహా అయితే పక్కింటి బల్బు వెలిగేది. భయపెట్టడానికి అలా అంటారు.

పాత ఫోర్‌మన్:
బాబాయ్, ట్రాన్స్‌ఫార్మర్‌కి పైనేది, కిందేది అన్న తేడా తెలియదు. పైనుంచి 11 వేలు ఇస్తే కింద 230 ఇస్తుంది. కిందనుంచి 230 ఇస్తే పైన దాదాపు పది వేలు తీస్తుంది. నేను ముప్పై ఏళ్ళు పోల్ ఎక్కాను. లైన్ ఆపేశాం పని చేసుకోమని సబ్‌స్టేషన్ వాళ్ళు ఎల్‌సీ ఇచ్చారంటే లైన్ చచ్చిపోయిందని ఎప్పుడూ నమ్మలేదు.

మీరు అన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు. ఊరి మధ్యలో వంద ఇళ్ళున్న ట్రాన్స్‌ఫార్మర్ మీద చిన్న జనరేటర్ ఇలా పెడితే అందరి ఫ్యాన్లూ ఫ్రిజ్‌లూ మీద పడి అది అక్కడికక్కడే కూలిపోతుంది. చేలో 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కథ వేరు. పసుపుచేను గారూ, మీ దాని మీద ఏమేం ఉన్నాయి?

పసుపుచేను:
మా ఇల్లు, ఇంకో ఇల్లు (వాళ్ళు తుఫానని తెనాలి వెళ్ళారు), రెండు బోరు మోటార్లు. లైన్‌లో మా తర్వాత ఇంకో రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయి, వాటికీ మోటార్లే.

పాత ఫోర్‌మన్:
అదీ సంగతి. కరెంటు పోగానే స్టార్టర్లు పడిపోయి ఉంటాయి కాబట్టి మోటార్ల లోడ్ లేదు. మోయడానికేమీ లేక మీ జనరేటర్ హాయిగా నడిచింది, పైన లైన్ మొత్తం బతికి కూచుంది. అసలు ఫాల్ట్ ఏం దొరికింది?

పసుపుచేను:
వేప కొమ్మ విరిగిపడి పింగాణీ ఇన్సులేటర్ పగిలింది. వైరు తెగలేదు, జారి ఇనుప క్రాస్ ఆర్మ్ మీద పడుకుంది. అయినా నాకొక అనుమానం. వైరు ఇనుముకి తగులుతూనే ఉంటే మా జనరేటర్ మొదట్లోనే ఆగిపోవాలి కదా? పావుగంట ఎలా నడిచింది?

పాత ఫోర్‌మన్:
మంచి ప్రశ్న. సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌కి న్యూట్రల్ భూమిలో ఉంటుంది. అందుకే ఒక్క వైరు భూమికి తగిలినా కరెంటు తిరిగివెళ్ళే దారి దొరికి, ఎర్త్ ఫాల్ట్ అని బ్రేకర్ పడిపోతుంది. మీ చేలో ట్రాన్స్‌ఫార్మర్ పైవైపు డెల్టా, దానికి భూమితో సంబంధం లేదు. వెనకనుంచి మీరిచ్చినప్పుడు ఒక్క వైరు ఇనుము మీద పడి ఉన్నా దారి పూర్తికాదు. జనరేటర్‌కి ఏమీ తెలియదు. ఆ లైన్ చూడ్డానికి చచ్చినట్టుంటుంది, నిజానికి బతికే ఉంటుంది.

మీ లైన్‌మన్ ఎక్కకముందు భూమిలో ఎర్త్ రాడ్ దిగ్గొట్టి, దానికి వైరుతో కలిపిన పొడుగు కర్ర కొక్కేన్ని ఒక్కో వైరుకి తగిలిస్తూ పోయుంటాడు. ఇనుము మీద పడ్డ వైరుకి తగిలిస్తే పెద్దగా ఏమీ ఉండదు. రెండో వైరుకి తగిలించగానే ఫటేల్మని నిప్పు వచ్చుంటుంది. సరిగ్గా ఆ క్షణంలోనే మీ జనరేటర్ మూలిగింది.

లైన్‌లో మిగిలిపోయిన చార్జి అయితే ఒక్కసారి టిక్కుమని పోతుంది. తీసి మళ్ళీ పెట్టినప్పుడూ అంతే నిప్పు వస్తే ఎవడో ఇస్తున్నాడన్నమాట. మీరు రెండోసారి తాడు లాగింది అప్పుడే అయ్యుంటుంది.

పసుపుచేను:
అవునండీ, రెండోసారి నిప్పు చూసి, "చేల వైపు ఎవరింట్లోనో జనరేటర్ ఉంది" అని కుర్రాణ్ణి పంపాడట. స్విచ్ బ్లేళ్ళు మూడూ తెరుచుకున్నాయో లేదో అంతకుముందే టార్చి వేసి చూసుకుని, హ్యాండిల్‌కి తాళం వేసి వచ్చాడు కాబట్టి సబ్‌స్టేషన్ వైపునుంచి కాదని తెలుసు.

వేమూరు పిల్ల:
మా నాన్న లైన్‌మన్. ఇలాంటి రాత్రి ఫోన్ పాలిథిన్ కవర్‌లో చుట్టి జేబులో పెట్టుకుంటారు. పోల్ మీద ఉన్నప్పుడు ఎత్తరు. తెల్లారి చూస్తే డెబ్బై, ఎనభై మిస్డ్ కాల్స్, అన్నీ "ఎప్పుడొస్తుంది" అని. మా అమ్మ మాత్రం ఫోన్ చేయదు. దీపం దగ్గర కూచుని ఇంట్లో బల్బు వైపే చూస్తూ ఉంటుంది. బల్బు వెలిగిందంటే నాన్న పోల్ దిగినట్టే.

ఫ్రిజ్ పోయినోడు:
మాకూ గాలివాన తర్వాత కరెంటు రాగానే ఫ్రిజ్, టీవీ కాలిపోయాయి. బల్బులు తెల్లగా మండిపోయాయి. జనరేటర్ వల్లేనా? డబ్బులెవరిస్తారు?

పాత ఫోర్‌మన్:
మీది వేరే జబ్బు. న్యూట్రల్ తెగుంటుంది. కొన్ని ఇళ్ళలో బల్బు మండిపోతూ, అదే సమయంలో కొన్ని ఇళ్ళలో దీపంలా ఉంటే అదే. ముందు మెయిన్ దించి 1912కి చెప్పాలి. డబ్బుల సంగతి ఏఈని అడగండి.

బెజవాడ బాబాయ్:
సరే, ఒప్పుకున్నా. మెయిన్ దించి జనరేటర్ వేస్తే ఏ గొడవా లేదుగా? దానికింత కథా?

పాత ఫోర్‌మన్:
దించితే లేదు. అర్ధరాత్రి, ముసలామెకి ఊపిరందక, వానలో, చేతిలో టార్చితో ఉన్నప్పుడు గుర్తుంటుందా అన్నదే. పైగా మళ్ళీ కరెంటు వచ్చిందో లేదో చూద్దామని ఎవడో ఒకడు మెయిన్ ఎత్తుతాడు. ఆ రెండు ప్లగ్గుల వైరు ఒక కొస సాకెట్‌లోంచి ఊడొస్తే పిన్నులు బతికే ఉంటాయి, పిల్లలు పట్టుకుంటారు.

బెజవాడ బాబాయ్:
మరి ఇన్వర్టర్లున్న ఇళ్ళ సంగతి?

పాత ఫోర్‌మన్:
వైరింగ్ సరిగ్గా ఉంటే లైన్‌లోకి పోదు. లోకల్ ఎలక్ట్రీషియన్ న్యూట్రళ్ళు కలిపేసిన ఇళ్ళు చూశాను. అన్నిటికీ నేను హామీ ఇవ్వలేను.

పసుపుచేను:
మెయిన్ దించాక జనరేటర్ వేసుకోమని ఆ కుర్రాడే చెప్పాడు, అమ్మకి ఇబ్బంది కాలేదు. లైన్‌మన్ ఇన్సులేటర్ మార్చి, వైరు ఎత్తి కట్టి, ఎర్త్‌లు తీసి స్విచ్ వేసేసరికి రెండూ ఇరవై అయింది. పొద్దున కాఫీకి పిలిస్తే వచ్చాడు. నేను తిట్టిన మాట ఎత్తలేదు. రెండు ప్లగ్గుల వైరు మాత్రం అడిగి తీసుకుని, మా ఎదురుగానే కటింగ్ ప్లేయర్‌తో రెండు ముక్కలు చేసి వెళ్ళాడు.

నెల తిరక్కుండా, లైన్ కరెంటో జనరేటరో ఏదో ఒక్కటే ఇంటికి తగిలేలా చేంజోవర్ స్విచ్ పెట్టించాను.

పాత ఫోర్‌మన్:
అందులో ఫేజ్ ఒక్కటే మారుతుందా, న్యూట్రల్ కూడానా?

పసుపుచేను:
తెలీదండీ. లోపల రెండు వైర్లే చూసినట్టు గుర్తు. సాయంత్రం కవర్ విప్పి చూసి చెప్తా.

పాత ఫోర్‌మన్:
విప్పేముందు మెయిన్ దించు.