టీవీ శబ్దాన్ని ఫోన్‌కి ‘పంపడమా’, ‘మళ్లించడమా’?

శారద: టీవీకి తగిలించే స్ట్రీమింగ్ స్టిక్ తాలూకు ఫోన్ యాప్‌ను తెలుగు చేస్తున్నాను. అందులో Private Listening అని ఒక మీట ఉంది. నొక్కగానే టీవీ మూగబోతుంది, మాటలూ పాటలూ ఫోన్‌కి పెట్టుకున్న హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తాయి. ఇంట్లోవాళ్లు నిద్రపోతున్నప్పుడు వాడుకోవడానికి. నాకు ముందు పనిచేసినవారు ‘రహస్య శ్రవణం’ అని పెట్టారు. చదివితే ఎవరి మాటలో పొంచి వింటున్నట్టుంది. ‘ఏకాంత శ్రవణం’ అందామంటే, పక్కనే మనిషి పడుకుని ఉండగా ఏకాంతం ఎక్కడిది?

రమణమూర్తి: జనాంతికం. రంగం మీద నలుగురుండగా ఒక పాత్ర ఒక్కరికే వినిపించేలా మాట్లాడటం. త్రిపతాక హస్తం అడ్డుపెట్టి చెబితే మిగతా పాత్రలకు వినబడనట్టే లెక్క. స్వగతం వేరు, అది తనలో తాను అనుకునేది. ‘నలుగురిలో ఒక్కరికే’ అన్న భావానికి ఇంతకంటే దగ్గరి మాట నాకు తోచడం లేదు.

శారద: మాట అందంగా ఉందండీ. కానీ జనాంతికంలో చాటు కావాలన్నది ముఖ్యం. ఇక్కడ దాచేదేమీ లేదు, పక్కవాళ్ల నిద్ర చెడకూడదు, అంతే. పైగా చీకట్లో ఫోన్ తడుముకునేవారికి ఆ మాట చప్పున అందాలి కదా.

కిరణ్: ‘బ్లూటూత్‌లో వినండి’ అనేస్తే పోలా? అందరికీ అర్థమవుతుంది.

వసుధ: అర్థమవుతుంది, కానీ తప్పుగా అర్థమవుతుంది. ఇలాంటి యాప్‌లను పరీక్షించే పనిలో ఉన్నాను కనుక చెబుతున్నాను. స్టిక్ నుంచి ఫోన్ దాకా శబ్దం వచ్చేది వైఫైలో. అందుకే రెండూ ఒకే వైఫైలో ఉండాలి. ఫోన్‌ని అతిథుల కోసం పెట్టిన వేరే నెట్‌వర్క్‌కి కలిపితే దానికి స్టిక్ కనబడకపోవచ్చు. ఫోన్ నుంచి చెవిదాకా ఉన్న రెండో అంచె మాత్రమే బ్లూటూత్. వైరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే అదీ ఉండదు. మీట మీద ‘బ్లూటూత్’ అని రాస్తే జనం టీవీ సెట్టింగుల్లో హెడ్‌ఫోన్స్ కోసం వెతుకుతారు.

నా మటుకు ‘మళ్లించు’ సరైన క్రియ. ‘పంపు’ అంటే ఫోటో పంపినట్టు అక్కడా ఉంటుంది, ఇక్కడా ఉంటుంది. కాలువ మళ్లిస్తే పాత దారిలో నీళ్లు రావు. టీవీ మూగబోతుందన్న సంగతి ఆ క్రియలోనే ఉంది.

అప్పారావు: మా ఇంట్లో మళ్లదు అమ్మా! సెట్‌టాప్ బాక్స్‌లో వార్తలు పెట్టి ఈ మీట నొక్కాను. ఫోన్‌లో చడీచప్పుడూ లేదు, టీవీ మాత్రం మోగుతూనే ఉంది. పాడైందా?

వసుధ: పాడవలేదు బాబాయ్ గారూ. మీ బాక్సు ఒక HDMI రంధ్రంలో ఉంది, స్టిక్ ఇంకోదాంట్లో. బాక్సు శబ్దం స్టిక్ గుండా పోదు, తన దగ్గర లేనిదాన్ని అది మళ్లించలేదు. అదే వార్తల ఛానల్ స్టిక్‌లోని యాప్‌లో దొరికితే అక్కడ పెట్టి చూడండి.

శారద: అయితే ‘టీవీ శబ్దం’ అనడం కూడా పూర్తిగా నిజం కాదన్నమాట.

కిరణ్: సరే, బ్లూటూత్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ నాకు పెదవులు ముందు కదిలి మాట తర్వాత వస్తుంది. వైఫై నెమ్మదిగా ఉండటం వల్లేగా?

వసుధ: వైఫై బలహీనమైతే సాధారణంగా శబ్దం తెగితెగి వస్తుంది. ఎప్పుడూ ఒకే లెక్కన వెనకబడుతుంటే ముందుగా బ్లూటూత్‌నే అనుమానించాలి. దాంట్లో 150–200 మిల్లీసెకన్లు పోవడం మామూలే. మాట 125 మిల్లీసెకన్లు వెనకబడితే మనిషి పసిగడతాడని ప్రసార ప్రమాణాల్లో ఉంది.

పరీక్ష మన వర్ణమాలలోనే ఉంది. వార్తలు చదివేవారి ముఖం చూస్తూ ప, బ, మ దగ్గర ఆగండి. ఈ ఓష్ఠ్యాలకు పెదవులు మూసుకుని తీరాలి. క, త లకు ఆ గుర్తు కనబడదు. మూసిన పెదవులు విడిపోయాక ‘ప’ వినబడితే శబ్దం వెనకబడినట్టే. ముందు వైరు హెడ్‌ఫోన్స్‌తో చూడండి. తేడా పోతే కారణం బ్లూటూతే. అప్పుడు యాప్‌లో ఆలస్యం సర్దే అమరిక ఉంటే కొద్దికొద్దిగా జరుపుతూ ‘ప’ పెదవుల మీదికి వచ్చేదాకా చూడాలి.

రమణమూర్తి: ఓష్ఠ్యాలకు ఇలాంటి ఉపయోగం ఉందని నేనెన్నడూ అనుకోలేదు. జనాంతికం వదులుకోను గానీ, మీటకి మాత్రం ‘మళ్లించు’కే నా ఓటు.

కిరణ్: వైరుతో చూశాను, ‘ప’ కుదిరింది. బ్లూటూతే.

శారద: ‘శబ్దం ఫోన్‌కి మళ్లించు’ అని రాసుకున్నాను. ఇప్పుడు దాని జోడీ కావాలి. మళ్లీ టీవీలో వినాలంటే నొక్కే మీటకి ‘ఆపు’ అని ఉంది. శబ్దమే ఆగిపోతుందేమోనని నొక్కడానికి జంకుతారు.

అప్పారావు: ‘టీవీకి తిప్పు’ అనమ్మా.

వసుధ: తిప్పు అంటే ఛానల్ తిప్పడం అనుకోరూ?