నేను వెళ్లని సభలో నా ఫొటో: సైటుకి లెటర్ ఎలా రాయాలి?

బొబ్బిలి మాస్టారు: గవర్నమెంటు బడిలో పనిచేస్తున్నాను. విజయనగరంలో జరిగిన ఒక పార్టీ సభ వేదిక మీద నేను కూర్చున్నట్టు లోకల్ న్యూస్ సైటులో ఫొటో వేశారు. ముఖం మా బడి పంద్రాగస్టు ఫొటోలోది, అక్కడ నుంచి తీసి అతికించేశారు. ఆ రోజు నేను బడిలోనే ఉన్నాను. తీసేయమని ఏటని రాయాలి?

పాలకొండ కుర్రాడు: 2021 ఐటీ రూల్స్, 3(2)(బి) అని రాయండి మాస్టారూ. 24 గంటల్లో తీసేయాలి. ఆధార్ కాపీ జతచేయండి.

రాజాం వెబ్ పని: సగం కరెక్టు. ఆ రూల్లో మార్ఫింగ్ ఫొటోల మాట ఉంది, కాని అది వేరేవాళ్లు పెట్టినవాటిని మోసే ఫేస్‌బుక్ లాంటి వాటికి. సైటువాళ్లే వేసిన ఫొటోకి అది నేరుగా అతకదు. అదే ఫొటో ఫేస్‌బుక్‌లోనూ తిరుగుతుంటే అక్కడ వాడండి. గడువు తర్వాత మారింది, గంటల లెక్క రాయొద్దు. ఆధార్ అసలే వద్దు. వాళ్లు అడిగితే మొదటి 8 అంకెలు కనపడని కాపీ ఇవ్వండి.

లెటర్ కంటే ముందు పేజీ మొత్తం, పైన అడ్రసు కనపడేలా స్క్రీన్‌షాట్ తీయండి. తీసేశాక సాక్ష్యం దొరకదు. తర్వాత ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ఫొటో లింకు విడిగా కాపీ చేయండి. చాలామంది పేజీ లింకే పంపుతారు. సైటువాడు వార్త తీసేస్తాడు, ఫైలు సర్వర్లో ఉండిపోతుంది. వర్డ్‌ప్రెస్ సైటయితే `sabha.jpg`తో పాటు `sabha-300x200.jpg` లాంటి చిన్న సైజులూ ఉంటాయి.

లెటర్ ఇంత చాలు:

"ఈ పేజీలోని ఫొటోలో ఎడమ నుంచి మూడో వ్యక్తి ముఖం నాది, శరీరం నాది కాదు. నేను ఆ సభకు వెళ్లలేదు. ముఖం తీసుకున్న అసలు ఫొటో జతచేశాను. రెండు లింకులూ కింద ఉన్నాయి. పేజీ నుంచి ఫొటోను, సర్వర్ నుంచి ఫైలును చిన్న సైజులతో సహా తొలగించి, ఫొటో కింద నా పేరు తీసి, ఈ మెయిలుకే జవాబివ్వండి."

పరువునష్టం కేసు వేస్తానని మొదటి లెటర్లోనే రాస్తే అది వాళ్ల లాయరు దగ్గరికెళ్లి కూర్చుంటుంది. ఫైలు తీసే మనిషికి అందదు.

నెల్లిమర్ల: మా అమ్మాయి పెళ్లి ఫొటో స్టూడియోవాళ్లు అడక్కుండా సైటులో పెట్టారు. ఇదే లెటర్ పంపొచ్చా?

రాజాం వెబ్ పని: మీది నిజమైన ఫొటో కదండీ. "ఇది అబద్ధం" అని రాయలేరు. అనుమతి లేదన్న మాట మీద వేరే లెటర్ కావాలి.

బొబ్బిలి మాస్టారు: తీసేశామన్నారు. గూగుల్‌లో ఇంకా కనపడుతోంది.

రాజాం వెబ్ పని: ముందు ఫొటో లింకు ఇన్‌కాగ్నిటోలో తెరవండి. ఫొటో వస్తే వాళ్లు ఫైలు తీయలేదు, అదే మెయిలుకి జవాబుగా మళ్లీ రాయండి. రాకపోతే అది గూగుల్ దగ్గర మిగిలిన పాత కాపీ. వాళ్ల "Refresh Outdated Content" పేజీలో ఫొటో లింకు ఇవ్వండి.

పాలకొండ కుర్రాడు: హెచ్ఎంకి ముందే చెప్పేస్తే మంచిదేమో, హాజరు పట్టీ ఉంది కదా.

బొబ్బిలి మాస్టారు: అదే తేల్చుకోలేకపోతున్నాను. చెప్తే చూడనివాళ్లు కూడా చూస్తారు.