ఒకే మందుకు ఇన్ని పేర్లేంటి? స్ట్రిప్ మీద ఏది చదవాలి?

గోరింటాకు
మా నాన్నగారికి నిన్నటి నుంచి జ్వరం, జలుబు. ఇంట్లో రెండు స్ట్రిప్పులున్నాయి, ఒకటి జ్వరానికి, ఒకటి జలుబుకు. పేర్లు వేరు, కంపెనీలు వేరు, రంగు కూడా వేరు. రెండూ కలిపి వేయచ్చా అని వెనక్కి తిప్పి చూస్తే, చీమ తలకాయంత అక్షరాల్లో రెండింటి మీదా పారాసిటమాల్ అని ఉంది. జ్వరం మాత్రలో 650, జలుబు మాత్రలో 500. జ్వరం మాత్ర వేసి, రెండోది ప్రస్తుతానికి ఆపాను. ఒకే మందైతే ఇన్ని పేర్లెందుకు పెడతారు? పెద్ద అక్షరాల పేరు నమ్మాలా, చిన్న అక్షరాలదా?

బండిచక్రం
పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, అదే బ్రాండ్. జనరిక్ అంటే పేటెంట్ అయిపోయాక వేరేవాళ్లు చవగ్గా తీసే మందు. మీ దగ్గరున్నవి రెండూ బ్రాండెడ్‌వే కాబట్టి జనరిక్ గొడవ మీకు లేదు. జలుబు మాత్ర జలుబుకు, జ్వరం మాత్ర జ్వరానికి. వేసెయ్యండి.

కౌంటర్_వెనకాల
బండిచక్రం గారూ, మొదటి మాట కరెక్టే, చివరిది మాత్రం వెనక్కి తీసుకోండి. గోరింటాకు గారు ఆపడమే మంచిదైంది.

నేను మందుల షాపులో ఫార్మసిస్టుని. జనరిక్ మందు వేరు, జనరిక్ పేరు వేరు. జనరిక్ పేరు ప్రతి స్ట్రిప్ మీదా ఉంటుంది, ఎంత ఖరీదైన బ్రాండైనా సరే. అది లోపలున్న పదార్థం పేరు. కొత్త మందులకు ఆ పేరు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖరారు చేస్తుంది. అలాంటి పేర్ల మొదటి జాబితా 1953లో వచ్చింది. ఆ పేరు ఎవరి సొత్తూ కాదు, ఏ కంపెనీ అయినా వాడుకోవచ్చు.

అందరిదీ అయిన పేరుతో ఏ కంపెనీ తన సరుకును ప్రత్యేకంగా చూపించుకోగలదు? అందుకే ప్రతివాళ్లూ ఒక బ్రాండ్ పేరు పెట్టి ట్రేడ్‌మార్క్ చేయించుకుంటారు. పేటెంట్ ఉన్నన్నాళ్లూ మందు తయారుచేసే హక్కు ఒకరిదే (లైసెన్సు ఇస్తే తప్ప), కాబట్టి బ్రాండ్లూ ఒకటో రెండో ఉంటాయి. పేటెంట్ ముగిశాక పదిమంది అదే పదార్థం తీస్తారు. కానీ మొదటి కంపెనీ ట్రేడ్‌మార్క్ అప్పటికీ దానిదే, దాన్ని ముట్టుకోకూడదు. దాంతో పదిమందీ పది పేర్లు పెడతారు. క్రోసిన్, కాల్పాల్, పనడాల్ అన్నీ పారాసిటమాలే.

ఇక మీ లెక్క చూద్దాం. 650 మాత్ర రోజుకు నాలుగు వేస్తే 2600 మిల్లీగ్రాములు. జలుబు మాత్ర మూడుపూటలా వేస్తే 1500. మొత్తం 4100. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజు మొత్తం మీద 4000 దాటకూడదు. బక్కగా ఉన్నవాళ్లకు, లివర్ బాగోలేనివాళ్లకు, రోజూ తాగేవాళ్లకు ఇంకా తక్కువ. చూశారా, ఏ స్ట్రిప్ దగ్గరా తప్పు చేయకుండానే గీత దాటిపోయారు. పైగా ఎక్కువైన సంగతి మొదటి రోజు ఏమీ తెలియకపోవచ్చు. కాస్త వికారం ఉంటే ఉంటుంది, అంతే. లివర్ దెబ్బతిన్నట్టు బయటపడేది రెండు మూడు రోజులకు. అందుకని ఎవరైనా ఎక్కువ వేసుకున్నట్టు అనుమానం వస్తే, బాగానే ఉన్నారు కదా అని ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. విరుగుడు మందు ఉంది, తొందరగా ఇస్తేనే బాగా పనిచేస్తుంది.

గోరింటాకు
అమ్మో. జలుబు మాత్ర మీద పారాసిటమాల్ కింద ఇంకో రెండు పేర్లున్నాయి, ఫినైలెఫ్రిన్ 10, క్లోర్‌ఫెనిరమిన్ 2. అంటే ఇది మూడు మందుల మాత్రా? నాన్నగారికి బీపీ కూడా ఉంది.

కౌంటర్_వెనకాల
అవును, మూడూ కలిసిన మాత్ర. బ్రాండ్ పేరు చూస్తే ఒక్కటిలా కనబడుతుంది. బీపీ ఉందంటే ఫినైలెఫ్రిన్ గురించి డాక్టర్‌ని అడగకుండా వేయకండి, అది రక్తనాళాల్ని బిగిస్తుంది. క్లోర్‌ఫెనిరమిన్‌తో మగత వస్తుంది. స్ట్రిప్ వెనక "ప్రతి మాత్రలో" అని మొదలయ్యే వాక్యం దగ్గర ఆగి, ఎన్ని పేర్లుంటే అన్నీ చదవండి.

సాయంకాలం
అంటే 650 ఉన్నది 500 కన్నా మంచి కంపెనీదన్నమాట?

బండిచక్రం
కాదండీ బాబూ, అది మందు బరువు. ఇది మాత్రం నాకు తెలుసు.

కౌంటర్_వెనకాల
బరువే, కానీ బ్రాండ్ పేరు పక్కన పెద్దగా వేసే అంకెను గుడ్డిగా నమ్మకండి. 625 అని వచ్చే యాంటీబయాటిక్ ఉంది కదా, అందులో అమాక్సిసిలిన్ 500, క్లావులానిక్ ఆమ్లం 125. రెండూ కూడితే 625. ఆ పేరుతో 625 మిల్లీగ్రాముల మందేదీ లేదు.

దూరపుచుట్టం
నేను వేరే దేశంలో ఉంటాను. ఇక్కడ టైలనాల్ డబ్బా మీద అసిటమినోఫెన్ అని ఉంది. పారాసిటమాల్ లేదు కదా అని నిశ్చింతగా అన్నీ కలిపేసుకునేవాళ్లుంటారు. రెండూ ఒకటే మందు! జనరిక్ పేరు ఒక్కటే ఉంటుందన్నది ఇక్కడ తప్పింది. ఇంకోటి: ఫ్లోమాక్స్ అంటే అమెరికాలో ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లు వేసుకునే టామ్సులోసిన్. అదే పేరుతో ఇటలీలో దొరికింది నొప్పి, వాపు తగ్గించే మరో మందు. ప్రయాణంలో మందు అయిపోతే బ్రాండ్ పేరు చెప్పి అడక్కండి.

కౌంటర్_వెనకాల
చాలా మంచి పాయింట్. ఇలాంటి పాత మందులు కొన్నిటికి అమెరికాలో వేరే పేరు నిలిచిపోయింది. సాల్బుటమాల్‌ని అక్కడ అల్బుటెరాల్ అంటారు.

తులసికోట
నా బీపీ మాత్ర మీద అమ్లోడిపిన్ బెసిలేట్ అని, కిందే "అమ్లోడిపిన్ 5 ఎంజీకి సమానం" అని ఉంది. చీటీలో ఒట్టి అమ్లోడిపిన్ 5 అనే రాశారు. వేరేది ఇచ్చారా?

కౌంటర్_వెనకాల
సరైనదే. బెసిలేట్ అనేది మందుకు తగిలించిన లవణం. దాంతో కలిపి తూస్తే దాదాపు 6.9 మిల్లీగ్రాములు, అసలు మందు 5. మీ చీటీతో పోల్చాల్సింది ఆ 5నే. అయితే తోక పేరు ప్రతిసారీ పట్టించుకోనక్కర్లేదని కాదు. మెటోప్రొలాల్ సక్సినేట్ సాధారణంగా రోజంతా నెమ్మదిగా కరిగే మాత్రగా వస్తుంది, టార్ట్రేట్ మామూలుది. పేరు పక్కన నెమ్మదిగా కరిగేదని చెప్పే ఎస్‌ఆర్, ఎక్స్ఎల్, ఈఆర్ లాంటి అక్షరాలు కూడా చీటీతో సరిపోవాలి. అలాంటి మాత్రను డాక్టర్ చెప్పకుండా నలిపి ఇవ్వకండి.

మబ్బులమేడ
అయితే పేరు, అంకె కలిస్తే ఏ బ్రాండైనా ఒకటేనా? నా థైరాయిడ్ మాత్ర ఈసారి వేరే బ్రాండ్ ఇచ్చారు. రెండింటి మీదా లెవోథైరాక్సిన్ 50 ఎంసీజీ. రెండు నెలలకు థైరాయిడ్ టెస్టులో టీఎస్‌హెచ్ పెరిగింది, అంటే మందు చాలట్లేదట.

బండిచక్రం
కంపెనీ తేడానే!

కౌంటర్_వెనకాల
అంత తేల్చి చెప్పలేం. టిఫిన్‌కు దగ్గరగా వేసుకున్నా, క్యాల్షియం మాత్రతో కలిపి వేసుకున్నా పెరుగుతుంది. కానీ లెవోథైరాక్సిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, రక్తం పలచబరిచే వార్ఫరిన్ లాంటివాటిలో కొద్ది తేడా కూడా ఒంటికి తెలుస్తుంది. వీటిలో బ్రాండ్ మారితే డాక్టర్‌కి చెప్పాలి. థైరాయిడ్‌కైతే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో టెస్ట్ మళ్లీ చేయించుకోవాలి. మీరు ఎంసీజీ అని సరిగ్గా చూశారు, దాన్ని ఎంజీ అనుకుంటే వెయ్యి రెట్లు తేడా.

మబ్బులమేడ
క్యాల్షియం వాడుతున్నాను, కానీ రాత్రి పూట. టిఫిన్ మాత్రం అరగంటలోపే తింటాను. బ్రాండ్ వెనక్కి మార్చాలా, టిఫిన్ జరపాలా?

కౌంటర్_వెనకాల
రెండూ ఒకేసారి మారిస్తే ఏది కారణమో తెలియదు. రిపోర్ట్ తీసుకుని మీ డాక్టర్‌ని అడగండి, మోతాదు మాత్రం మీరే పెంచుకోకండి.

గోరింటాకు
నాన్నగారికి 650 ఒక్కటే, ఆరు గంటల ఎడంతో ఇస్తున్నాం. ఇంకో ఇబ్బంది, స్ట్రిప్ కత్తిరించి పెట్టుకుంటే పేరున్న ముక్క పోతోంది. మిగిలిన వాటి మీద సగం అక్షరాలే ఉంటాయి.

తులసికోట
ఎక్స్‌పైరీ అచ్చువేసిన చివరను వదిలేసి, రెండో వైపు నుంచి వాడండి. కత్తిరించే ముందు వెనకవైపు ఫోటో తీసి పెట్టుకుంటాను నేను. జూమ్ చేస్తే చీమ తలకాయలు కూడా కనబడతాయి.