అప్‌డేట్: తల కోణం సరిపోయే ఫ్రేమ్ దొరికింది, రోల్‌ను లెక్కలోంచి తీసేశాక

నా ప్రశ్న: "ఫొటోలోని తల కోణానికి సరిపోయే ఫ్రేమ్‌ను వీడియో నుంచి తీయాలి. యా, పిచ్, రోల్ తేడాలు కలిపి చూస్తే వేరే ఫ్రేమ్ వస్తోంది. ఎందుకు?"

యా అంటే తల పక్కకు తిరగడం, పిచ్ అంటే పైకీ కిందికీ వంగడం, రోల్ అంటే భుజం వైపు వాలడం. అసలు చిక్కు రోల్‌తోనే. తల భుజం వైపు వాలితే ఫ్రేమ్‌ను తిప్పి సరిచేయొచ్చు. పక్కకు తిరిగితే మాత్రం కనబడని చెంపను ఎక్కడినుంచీ తేలేం. అందుకే ఎంపికలో యా, పిచ్ మాత్రమే ఉంచాను.

ఉదాహరణకు ఫొటోలో యా 25, పిచ్ -8, రోల్ 4 డిగ్రీలు. మొదటి ఫ్రేమ్‌లో 24, -7, 15. రెండోదాంట్లో 18, -8, 4. మూడూ కలిపితే దూరం మొదటిదానికి 11.1, రెండోదానికి 7, కాబట్టి రెండోదే గెలుస్తుంది. రోల్ తీసేస్తే మొదటిది 1.4కి దిగుతుంది. దాన్ని 11 డిగ్రీలు వెనక్కి తిప్పితే చాలు.

ఇంకొకటి: తల కోణాన్ని లెక్కించడానికి వాడే OpenCV ఫంక్షన్ `solvePnP`కి ఇచ్చే ముఖం మోడల్‌లో వై అక్షం పైకి ఉంటే, చిత్రంలో అది కిందికి కాబట్టి, నేరుగా చూసే తలకూ పిచ్ 180 దగ్గర వస్తుంది. ఒక ఫ్రేమ్‌లో 178, పక్కదాంట్లో -179 కనిపిస్తే ఇదే కారణం. తేడాను ఇలా తీయాలి:

```python
d = (a - b + 180) % 360 - 180
```

చివరగా దగ్గరి పది ఫ్రేములు తీసి, కదలికకు మసకబారనిదాన్ని, కళ్లు తెరిచి ఉన్నదాన్ని ఎంచుకుంటున్నాను. ఒకటి రెండు డిగ్రీల తేడా ఎలాగూ ముఖంపై గుర్తించే బిందువులైన లాండ్‌మార్కుల వణుకులో కలిసిపోతుంది.