అన్నమయ్య కీర్తనకు కంటెంట్ ఐడీ క్లెయిమ్: డిస్ప్యూట్ వేసి 16 రోజులైంది, అవతలి నుంచి జవాబు లేదు

బైరాగిపట్టెడ తమ్ముడు · అక్టోబర్ 12

అందరికీ నమస్తే. మాది తిరుపతి. మా అక్క పాడతాది, నేను రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడతాను. ఛానెల్ చిన్నదే గానీ మానిటైజేషన్ ఉండాది. బ్రహ్మోత్సవాలకని ఒక అన్నమయ్య కీర్తన పెట్టినాము. రాత్రి పదకొండు దాటినాక, ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఫోన్‌లో తంబూర యాప్ పెట్టుకొని పాడింది. వేరే వాయిద్యం ఒక్కటీ లేదు.

సెప్టెంబర్ 20న ఒక మ్యూజిక్ కంపెనీ పేరుతో క్లెయిమ్ వచ్చినాది. వీడియో ఆడతానే ఉండాది, ఆదాయం మాత్రం వాళ్లకు పోతాదంట. ఇంట్లో పండగ పనుల్లో పడి, 26న డిస్ప్యూట్ వేసినాను. కారణం పబ్లిక్ డొమైన్ అని ఎంచుకొని, "అన్నమయ్య 15వ శతాబ్దం వాడు, ఈ కీర్తన అందరిదీ" అని రెండు ముక్కలు రాసినాను. ఈరోజుకు 16 రోజులు, ఉలుకూ పలుకూ లేదు. గరుడసేవ నాడు ఎప్పుడూ లేనన్ని వ్యూస్ వచ్చినాయి. ఆ డబ్బు పోయినట్టేనా? వీడియో తీసేసి మళ్లీ పెట్టమంటారా?

కాణిపాకం కుర్రోడు · అక్టోబర్ 12

అన్నా, వాళ్లకు గడువు 7 రోజులే. 2022లో తగ్గించినారు. నీకు 16 రోజులు అయిపోయినాయంటే అది ఎక్కడో ఇరుక్కుపోయింది. యూట్యూబ్ సపోర్ట్‌కు రాయి, వాళ్లే తీసేస్తారు.

పలమనేరు రీల్స్ · అక్టోబర్ 12

నాకూ ఇదే సమస్య. సినిమా సీను 10 సెకన్ల లోపల పెట్టుకుంటే ఏమీ కాదన్నారు, అయినా క్లెయిమ్ పడింది. 10 సెకన్ల రూల్ మార్చినారా?

చిత్తూరు ఎడిటింగ్ టేబుల్ · అక్టోబర్ 13

పలమనేరు తమ్ముడూ, 10 సెకన్ల రూల్ ఎప్పుడూ లేదు. నీది వేరే కథ, వేరే చర్చ పెట్టు, అక్కడ మాట్లాడుకుందాం.

కాణిపాకం చెప్పిన 7 రోజులు నిజమే, కానీ అది అప్పీల్‌కు. డిస్ప్యూట్ మొదటి మెట్టు, దానికి క్లెయిమ్ వేసినవాళ్లకు 30 రోజులు ఉంటాయి. 2022లో తగ్గింది రెండో మెట్టు ఒక్కటే. కాబట్టి నీది ఎక్కడా ఇరుక్కోలేదు. అక్టోబర్ 26 దాకా వాళ్లకు టైముంది. ఆ లోపల నాలుగింట్లో ఒకటి జరుగుతాది. క్లెయిమ్ వదిలేస్తారు. లేదా మాదే అని నిలబెట్టుకుంటారు. లేదా ఏకంగా వీడియో తీసేయమని అర్జీ పెడతారు, అప్పుడే స్ట్రైక్. ఏమీ చెయ్యకపోతే 30 రోజులకు క్లెయిమ్ దానంతటదే పడిపోతాది. నేను చూసిన వాటిలో చివరి వారం దాకా కదలనివే ఎక్కువ. సపోర్ట్‌కు రాసి లాభం లేదు. ఈ దశలో తీర్పు చెప్పేది యూట్యూబ్ కాదు, క్లెయిమ్ వేసినవాళ్లే. చాలామందికి మింగుడుపడనిది ఇదే.

ఇక డబ్బు సంగతి. క్లెయిమ్ పడిన 5 రోజుల లోపల డిస్ప్యూట్ వేసి ఉంటే, మొదటి రోజు నుంచి వచ్చిన ఆదాయమంతా యూట్యూబ్ పక్కన పెట్టి ఉంచేది. నువ్వు ఆరో రోజున వేసినావు. అందుకని 26 నుంచి వచ్చిందే పక్కన ఉంటాది, అంతకుముందుది వాళ్లకు పోయినట్టే. గరుడసేవ 26 తర్వాతే కదా? ఆ డబ్బు ఎవరికీ పోలేదు. ఎవరు గెలిస్తే వాళ్లకు వస్తాది.

వీడియో మాత్రం తీసెయ్యొద్దు. మళ్లీ పెడితే మళ్లీ అదే క్లెయిమ్ పడతాది, వచ్చిన వ్యూస్ ఊరికే పోతాయి. ఒకటి చెప్పు: స్టూడియోలో ఆ వీడియో పక్కన కాపీరైట్ అని ఉన్నచోట వివరాలు తెరిస్తే, వాళ్లు పట్టుకున్నది రికార్డింగ్ అని ఉందా, మెలడీ అని ఉందా? ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా?

బైరాగిపట్టెడ తమ్ముడు · అక్టోబర్ 13

చాలా థాంక్స్ అన్నా, రెండు వారాల తర్వాత ఈరోజు నిద్రపోతాను. మెలడీ అని ఉండాది. 0:38 నుంచి 1:21 దాకా. పల్లవి పాడే చోటు.

వీణ టీచరమ్మ · అక్టోబర్ 14

నాయనా, నేను తిరుపతిలోనే నలభై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. యూట్యూబ్ సంగతి నాకు తెలియదు, కీర్తన సంగతి చెబుతాను. "అన్నమయ్యది కాబట్టి అందరిదీ" అన్నది సగమే నిజం. సాహిత్యం అందరిదీ, దానికి తిరుగులేదు. కానీ తిరుమల రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది, స్వరం లేదు. అన్నమయ్య ఎలా పాడాడో మనకు అందలేదు. ఈరోజు మనం పాడే వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో పెద్దలు కూర్చినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటివారు కూర్చినవి వందకు పైగా ఉన్నాయి.

మన చట్టంలో కర్త పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. రాళ్లపల్లి వారు పోయింది 1979లో. ఆయన వరసల మీద హక్కు 2039 దాకా ఎవరిదో ఒకరిది. కాబట్టి ముందు అడగాల్సింది, మీ అక్క పాడిన వరస ఎవరిది?

బైరాగిపట్టెడ తమ్ముడు · అక్టోబర్ 14

అమ్మా, ఈ సంగతి మాకు తట్టనే లేదు. అక్కను అడిగినాను. వరస వాళ్ల గురువుగారిదే. ఆమే కూర్చి పిల్లలకు నేర్పించింది. ఆమె చేత్తో రాసిన స్వరం నోటుబుక్కు అక్క దగ్గర ఉండాది, పైన తారీకు కూడా.

పుత్తూరు డప్పు · అక్టోబర్ 15

నా అనుభవం కూడా చెబుతా, పనికొస్తే తీసుకోండి. గంగమ్మ జాతరలో మా డప్పు బృందం వీడియో తీసినాము. వెనకాల మైకులో సినిమా పాట మోగతా ఉండాది, నేను పట్టించుకోలేదు. దానికి వచ్చిన క్లెయిమ్ డబ్బుది కాదు, వీడియోనే బ్లాక్ చేసినారు. బ్లాక్ అయితే 30 రోజులు ఆగకుండా నేరుగా అప్పీల్‌కు పోయే దారి ఉంటాది, ఎస్కలేట్ టు అపీల్ అని. కోపంలో అదే నొక్కినా. నాలుగో రోజు మెయిల్ వచ్చింది: మీ వీడియో 7 రోజుల్లో తీసేస్తారు, ఆ లోపల అప్పీల్ వెనక్కి తీసుకుంటే స్ట్రైక్ పడదు అని. వెనక్కి తీసుకున్నా. ఆ పాట వినిపించే ముక్క కత్తిరిస్తే క్లెయిమ్ పోయింది. డప్పు మాదే, పాట మాది కాదు, తప్పు నాదే. నీకు నోటుబుక్కు ఉండాది కాబట్టి నీ దారి వేరు.

బైరాగిపట్టెడ తమ్ముడు · అక్టోబర్ 23

27వ రోజు జవాబు వచ్చింది. క్లెయిమ్ నిలబెట్టుకున్నారు. కారణం ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అప్పీల్ వెయ్యాలంటే భయంగా ఉండాది. ఫారంలో అసలు పేరు, చిరునామా అడగతా ఉంది. పాడేది ఆడపిల్ల, ఇంటి అడ్రసు ఇయ్యాలంటే నాన్న ఒప్పుకోలేదు.

కాణిపాకం కుర్రోడు · అక్టోబర్ 23

వద్దన్నా. ఓడిపోతే స్ట్రైక్, మూడు స్ట్రైకులైతే ఛానెలే పోతాది. ఒక్క వీడియో డబ్బు కోసం ఎందుకు?

చిత్తూరు ఎడిటింగ్ టేబుల్ · అక్టోబర్ 23

కాణిపాకం తమ్ముడి భయం ఉత్తుత్తిది కాదు. డిస్ప్యూట్‌ను కాదన్నంత మాత్రాన స్ట్రైక్ పడదు, అప్పీల్ తర్వాత మాత్రం ఆ ముప్పు దగ్గరికొస్తాది. అందుకే నీ మాట మీద నీకు నమ్మకం ఉంటేనే అప్పీల్. ఒకవేళ వాళ్లు వీడియో తీయించి, నువ్వు దాని మీద కౌంటర్ నోటీసు ఇస్తే, నీ పేరూ అడ్రసూ వాళ్లకు చేరతాయి. అప్పుడు వాళ్లు 10 పని దినాల్లో కోర్టుకు పోయినట్టు చూపించాలి, లేదంటే వీడియో మళ్లీ వస్తాది. ఛానెల్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల పేరే రాయాలి. నీ పేరు మీద ఉంటే నీ పేరు, మీ అక్కది కాదు.

డిస్ప్యూట్ ఎందుకు పోయిందో నాకు అర్థమవుతా ఉంది. వాళ్లు అడిగింది వరస గురించి, నువ్వు చెప్పింది సాహిత్యం గురించి. ఈసారి వరస గురించే రాయి. ఇంకోటి, 5 రోజులు దాటనియ్యొద్దు. పక్కన ఉన్న డబ్బు వాళ్లకు పోతాది.

వీణ టీచరమ్మ · అక్టోబర్ 24

వీడియో నాలుగుసార్లు విన్నాను. ఆ కంపెనీ ఆల్బమ్‌లో ఇదే కీర్తన ఉంది, అదీ విన్నాను. రాగం ఒకటే, ఎత్తుగడ కూడా దగ్గరదగ్గరగానే ఉంది. అనుపల్లవి నుంచి పూర్తిగా వేరు. ఒకే రాగంలో, ఒకే మాటలకు ఇద్దరు వరస కడితే ఎత్తుగడలో ఆ మాత్రం పోలిక రావచ్చు. గురువుగారు ఆ ఆల్బమ్ ముందే విన్నారేమో నేను చెప్పలేను. ఆమెనే అడగండి, అడిగాకే సంతకం పెట్టండి.

బైరాగిపట్టెడ తమ్ముడు · అక్టోబర్ 25

అమ్మా, నిన్న సాయంత్రం అక్కా నేనూ గురువుగారింటికి పోయినాము. ఆల్బమ్ వినలేదని చెప్పింది. నోటుబుక్కు తెరిచి మా ముందరే పల్లవి పాడింది, ఒకచోట ఆగి "ఇక్కడ నిషాదం కొట్టేసి మార్చినాను, చూడు" అని వేలు పెట్టి చూపించింది. ఎర్ర ఇంకుతో దిద్దిన గీత ఇప్పటికీ ఉండాది. వరస వాడుకోను అనుమతిస్తున్నానని రాసి సంతకం పెట్టిచ్చింది.

అప్పీల్ నా పేరుతోనే వేసినాను, నాన్న ఒప్పుకున్నాడు. రాసింది ఇంతే: సాహిత్యం తాళ్లపాక అన్నమాచార్యులది, దాని మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. వరస మా గురువుగారు కూర్చినది, తారీకుతో చేతిరాత ఉంది, ఆమె లిఖితపూర్వక అనుమతి ఉంది. పాడింది మా అక్క, రికార్డింగ్ మాది. 0:38 నుంచి 1:21 దాకా వినిపించేది ఈ వరసే.

పుత్తూరు డప్పు · అక్టోబర్ 25

ఆ పేజీ ఫొటో తీసి దాచిపెట్టుకో తమ్ముడూ. నోటుబుక్కు ఒకటే ఉంటే చెదలు పట్టినా కష్టమే.

బైరాగిపట్టెడ తమ్ముడు · నవంబర్ 2

7 రోజులూ అయిపోయినాయి, వాళ్ల నుంచి ఒక్క మాటా రాలేదు. ఈరోజు పొద్దున చూస్తే క్లెయిమ్ లేదు. గడువు దాటినందుకు తొలగిందని మెయిల్. పక్కన పెట్టిన డబ్బు, అంటే సెప్టెంబర్ 26 నుంచిది, మాకే వస్తాదంట. మొదటి ఆరు రోజులది రాదు.

చిత్తూరు ఎడిటింగ్ టేబుల్ · నవంబర్ 2

చాలా సంతోషం. ఒక్కటి గుర్తుపెట్టుకో. వాళ్లు గడువు వదిలేసినారే గానీ, వరస మీదే అని ఒప్పుకోలేదు. అదే వరసతో ఇంకో వీడియో పెడితే మళ్లీ పట్టుకోవచ్చు.

వీణ టీచరమ్మ · నవంబర్ 3

గురువుగారికి నా నమస్కారం చెప్పండి. ఆ నిషాదం దిద్దిన చోటు నేనూ ఒకసారి చూడాలి.

బైరాగిపట్టెడ తమ్ముడు · నవంబర్ 19

అన్నా, నువ్వు చెప్పినట్టే అయింది. కార్తీక దీపాల వీడియోలో అక్క అదే పల్లవి పాడింది, నిన్న రాత్రి అదే కంపెనీ క్లెయిమ్, మళ్లీ మెలడీనే. ఈసారి పొద్దున్నే డిస్ప్యూట్ వేసినాను, పబ్లిక్ డొమైన్ అని కాదు, సొంత కంటెంట్, గురువుగారి అనుమతి అని రాసి. క్యాలెండర్‌లో డిసెంబర్ 19 మీద గుండ్రం చుట్టినాను.