తపసి చెట్లకు విరామం ఇవ్వాలంటే ఊరంతా ఏ కట్టుబాటు పెట్టుకోవాలి?

మాది పాడేరు వైపు ఒక గిరిజన గ్రామం. వేసవిలో వ్యవసాయ పనులు లేని రోజుల్లో తపసి బంకే చాలా ఇళ్లకు చేతి ఖర్చు. ఎండ ముదిరితే బంక బాగా కారుతుంది, అప్పుడే డబ్బు అవసరం కూడా ఎక్కువ. అందుకే కొందరు గొడ్డలితో కాండం చుట్టూ లోతుగా నరుకుతున్నారు. బెరడు దాటి కర్రకు దెబ్బ తగిలిన చోట గాయం పూడటం లేదు, పురుగు పడుతోంది. కొండవాలున కొన్ని చెట్లు నిలువునా ఎండిపోయాయి.

పదునైన చిన్న కత్తితో బెరడు మాత్రమే పలచగా చెక్కి, తర్వాతి కోత దానికి కాస్త పైన పెడితే చెట్టు తట్టుకుంటుందని తెలుసు. బెరడు ముక్కలు కలవని తెల్లని బంకకు ధర కూడా ఎక్కువే. చిక్కు ఉన్నది పద్ధతి దగ్గర కాదు. ఒకరు చెట్టును వదిలేస్తే మరొకరు వచ్చి నరుకుతారు!

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం చిన్నతరహా అటవీ ఫలసాయంపై హక్కు అడవిపై ఆధారపడి బతికే గిరిజనులకు, అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఉన్నాయి కదా. దాని ఆధారంగా చెట్లను కుటుంబాలకు పంచిన ఊళ్లు ఉన్నాయా? లేక కొండనే భాగాలు చేసి వంతులవారీగా వదిలేశారా? గాయం అంచులు కలిస్తే మళ్లీ కోత పెట్టొచ్చా, ఇంకా ఆగాలా? విరామం పడిన ఇంటికి ఆ వేసవి ఆదాయం ఎలా సర్దారు? చేసి చూసినవాళ్లు చెప్పండి. చెట్లు నరకవద్దనే సలహా మాత్రం వద్దు, అది మాకూ తెలుసు.