లెక్కల క్లాసులో అమ్మాయిలు నోరు విప్పరు, తప్పు పుస్తకానిదా టీచర్‌దా?

ఉప్పల్ టీచర్
ఓ ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతాను, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే ఉంటారు. మా వర్క్‌బుక్‌లో నాన్న లోను తీసుకుంటాడు, అమ్మ కూరగాయలు కొంటుంది. పేర్లు మార్చి చెబితే లాభం ఉంటుందా? క్లాసులో ఎప్పుడూ అబ్బాయిలే జవాబు చెబుతారు, అమ్మాయిలు తల దించుకుంటారు. ఏం చేయాలో చెప్పండి.

లెక్కల పంతులు
మేడం, పేరు రమేష్ అయినా రమ్య అయినా చక్రవడ్డీ అంతే వస్తుంది. పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడల్లా పేపర్లో అమ్మాయిలదే పైచేయి అని రాస్తారు గదా, మరి వివక్ష ఎక్కడుంది? సిలబస్ పూర్తి చేయడానికే టైమ్ లేదు, మీరు అనవసరంగా టెన్షన్ పడుతున్నారు.

బెంచీ నంబర్ 3
మా సార్ కూడా ఇదే డైలాగ్ కొట్టేవాడు 😂

చాక్‌పీసు
పంతులు గారూ, పరీక్ష పేపర్ మీద అమ్మాయికి ఎవరూ అడ్డం రారు. మేడం అడిగింది క్లాసులో జరిగేదాని గురించి.

ముందు పుస్తకం సంగతి. పేర్లు లెక్కబెట్టి సగం సగం చేయడం తేలిక, కానీ చూడాల్సింది ఎవరు ఏ పని చేస్తున్నారన్నది. లెక్కలో అమ్మాయి పేరుంటే ఆమె రిబ్బను కత్తిరిస్తుందా, లేక పొలం కొలిపించి రేటు మాట్లాడుతుందా? 2019లో మహారాష్ట్రలో పాఠ్యపుస్తకాలు వేసే బాలభారతి వాళ్ళు రెండో తరగతి పుస్తకంలో అమ్మానాన్నా ఇద్దరూ కూర్చుని కూరగాయలు బాగుచేస్తున్న బొమ్మ వేశారు. 2024లో కేరళ మూడో తరగతి పుస్తకంలో నాన్న కొబ్బరి తురుముతున్నాడు. మంచిదే. కానీ ఆ బొమ్మ చూపిస్తూనే టీచర్ 'నవ్వకండి, వాళ్ళ ఆవిడ ఊరెళ్ళి ఉంటుంది' అంటే ఆ పేజీ అక్కడితో సరి. వర్క్‌బుక్‌లో పేర్లు మార్చండి, దానికి రెండు నిమిషాలు చాలు. అసలు పని బోర్డు దగ్గర ఉంది.

మేడం, ఒక పీరియడ్‌కి సీటింగ్ ప్లాను గీసి ఇంకో టీచర్ని వెనక కూర్చోబెట్టండి. మీరు ఎవరిని పిలిచినా ఆ పేరు దగ్గర గీత, పిలవకుండా అరిచి చెప్పిన జవాబు మీరు తీసుకుంటే చుక్క, 'ఎందుకు', 'ఎలా' అని అడిగితే సున్నా. ఈ మూడు చాలు. మీ లెక్క మీరే పెట్టుకోకండి, చెబుతూ లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు.

నిజాంపేట నాన్న
ఇక్కడ అందరూ అమ్మాయిల గురించే మాట్లాడుతున్నారు. మావాడు ఎనిమిదో తరగతి, క్లాసులో ఎవరు మాట్లాడినా తిట్లు వాడికే. అమ్మాయిలు కబుర్లాడితే 'అమ్మా, కొంచెం సైలెంట్' అంటారు, మావాణ్ణి మాత్రం బయట నిలబెడతారు. పేరెంట్స్ మీటింగ్‌లో అడిగితే 'అబ్బాయి కదండీ, గట్టిగా ఉండకపోతే వినడు' అన్నారు. ఇది వివక్ష కాదా? దీని మీద ఎవరూ థ్రెడ్ పెట్టరేం?

బెంచీ నంబర్ 3
పాయింటే అంకుల్

చాక్‌పీసు
నాన్న గారూ, మీరు చెప్పింది కూడా ఇందులోదే. అమెరికాలో మైరా శాడ్కర్, డేవిడ్ శాడ్కర్ అనే దంపతులు 1980ల్లో నాలుగు, ఆరు, ఎనిమిది తరగతుల్లో కూర్చుని ఇదే గమనించారు. మెప్పు, సవరణ, తిట్టు అన్నీ అబ్బాయిలకే ఎక్కువ అందుతున్నాయి. అబ్బాయి చెయ్యెత్తకుండా అరిస్తే టీచర్ జవాబు తీసుకుంటుంది, అమ్మాయి అరిస్తే 'చెయ్యెత్తి మాట్లాడు' అంటుంది. తిట్టు తినేవాడు కనీసం టీచర్ కంట్లో ఉంటాడు. మంచి మార్కులు తెచ్చుకునే నెమ్మదైన పిల్ల ఏడాదంతా కంట్లో పడకుండా వెళ్ళిపోగలదు.

నిజాంపేట నాన్న
అంటే మావాడు తిట్లు తినడం అదృష్టం అంటారా?? బాగుందండీ మీ లాజిక్.

చాక్‌పీసు
నేను అదృష్టం అనలేదు. మళ్ళీ చదవండి.

రికార్డు రాసినమ్మాయి
నేను ఇంజినీరింగ్ అయ్యి రెండేళ్ళయింది. స్కూల్లో ఓమ్ నియమం ప్రయోగానికి నలుగురికి ఒక సెట్ ఇచ్చారు. వైర్లు కలిపింది, రియోస్టాట్ జరిపింది అబ్బాయిలు. నేను రీడింగులు రాశాను, 'నీ రైటింగ్ బాగుంటుంది కదా' అని. గ్రాఫు కూడా నాదే, గీత సూటిగా వచ్చింది, సార్ మెచ్చుకున్నారు. ఇంజినీరింగ్ ఫస్ట్ ఇయర్ ల్యాబ్‌లో అమ్మీటర్ సిరీస్‌లో పెట్టాలా సమాంతరంగా పెట్టాలా అని చెయ్యి ఆగిపోయింది. థియరీలో మాత్రం ఫుల్ మార్కులు.

ఉప్పల్ టీచర్
చాక్‌పీసు మేడం, మీరు చెప్పినట్టే చేశాను. మా సోషల్ టీచర్ వెనక కూర్చుంది. క్లాసులో 22 మంది అబ్బాయిలు, 20 మంది అమ్మాయిలు. గీతలు నేను అనుకున్నంత తేడాగా లేవు, అబ్బాయిలకు 17, అమ్మాయిలకు 12. కానీ చుక్కలు 14, అన్నీ అబ్బాయిలవే, అవి కూడా ఐదుగురివి. సున్నాలు 6 ఉంటే అమ్మాయిలకు ఒక్కటి. అమ్మాయిల్ని నేను అడిగిన మిగతావన్నీ 'ఫార్ములా చెప్పు', 'సెవెన్ స్క్వేర్ ఎంత' లాంటివే. మా క్లాసులో అమ్మాయిలవి కిటికీ వైపు వరసలు, నేను బోర్డు మీద రాస్తూ తిరిగేది తలుపు వైపు. చీటీలు తీసి పిలిస్తే సరిపోతుందా?

చాక్‌పీసు
చీటీలు పనికొస్తాయి, కానీ చాలామంది ముందు చీటీ తీసి పేరు చదివి ఆ తర్వాత ప్రశ్న అడుగుతారు. పేరు వినగానే మిగతా 41 మంది ఊపిరి పీల్చుకుంటారు. ప్రశ్న ముందు, ఆగడం తర్వాత, చీటీ చివర. ఆగడం అంటే నిజంగా ఆగడం. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో క్లాసులో రికార్డు చేసిన టేపులు విని కొలిస్తే టీచర్లు ప్రశ్న అడిగాక ఆగేది సుమారు ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే అంతకుముందు మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు, జవాబులు పొడుగయ్యాయి. ఆ ఒక్క సెకనులో జవాబు చెప్పగలిగేది మీ ఐదుగురే.

రెండోది ఇంకా ముఖ్యం, తప్పు చెప్పాక మీరేం చేస్తారన్నది. శంకువు లెక్క తీసుకోండి, వ్యాసార్ధం 7, ఎత్తు 24, వాలు ఎత్తు కావాలి. పిల్ల బోర్డు మీద 7 + 24 = 31 అని రాసింది. అదే తప్పు అబ్బాయి రాస్తే చాలామంది టీచర్లు 'ఒకసారి బొమ్మ గీసి చూడు, ఆ రెండు గోడలూ కలిపినంత పొడుగు ఉంటుందా ఆ వాలు?' అంటారు. వాడు గీస్తాడు, లంబకోణం కనిపిస్తుంది, పైథాగరస్ వాడే పట్టుకుంటాడు. అమ్మాయి రాస్తే 'లేదమ్మా' అని చాక్‌పీసు తీసుకుని 49, 576, మొత్తం 625, వర్గమూలం 25 అని మీరే రాసేసి 'అర్థమైందా, కూర్చో' అంటారు. తర్వాత వక్రతల వైశాల్యం 22/7 × 7 × 25 = 550 అని ఆ పిల్ల గుణకారం చక్కగా చేస్తుంది, నోట్‌బుక్ చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది. కానీ ఆ లెక్కలో ఆలోచించాల్సిన ఒకే ఒక్క అడుగు మీరు వేశారు. మీ వెనక కూర్చున్నావిడను ఈసారి ఇదొక్కటే చూడమనండి, చాక్‌పీసు ఎవరి చేతిలోంచి ఎప్పుడు తీసుకున్నారో.

లెక్కల పంతులు
ఇన్ని పేర్లు చెప్పేవాళ్ళు 45 నిమిషాల పీరియడ్‌లో, శనివారం వీక్లీ టెస్టు పెట్టుకుని, ఒక్క వారం మా స్కూల్లో చెప్పి చూపించండి. ప్రతి ప్రశ్నకు మూడు సెకన్లు ఆగుతూ కూర్చుంటే ప్రిన్సిపాల్ ముందు మీరు నిలబడతారా? ట్రైనింగుల్లో సమోసాలు తిని చెప్పే మాటలు ఇవన్నీ.

చాక్‌పీసు
ముప్పై ప్రశ్నలకు రెండేసి సెకన్లు ఎక్కువ ఆగితే ఒక్క నిమిషం. మీరు ఇక్కడ కామెంట్ రాయడానికి అంతకంటే ఎక్కువ పట్టి ఉంటుంది.

లెక్కల పంతులు
వెటకారం వద్దు. చాక్‌పీసు తీసుకుంటారు అన్నారు గదా, అవును, నేను తీసుకుంటాను, కావాలనే తీసుకుంటాను. ఆ వయసు పిల్ల అబ్బాయిల ముందు బోర్డు దగ్గర తప్పు రాసి నిలబడితే వెనక బెంచీ నవ్వుతుంది, ఇంటర్వెల్‌లో దానికి పేరు పెడతారు. మా చెల్లెలు అట్లాంటి నవ్వు వల్లే పదో తరగతిలో లెక్కలంటే వణికింది, ఇంటర్‌లో బైపీసీ తీసుకుంది. నేను పిల్లను కాపాడుతున్నాను, మీరు దాన్ని వివక్ష అంటున్నారు. మీకు ఏది పడితే అది వివక్షే.

చాక్‌పీసు
ఇదీ అసలు మాట. ఇంతసేపూ సిలబస్, రిజల్టులు అన్నారు. మీరు ఆపాల్సింది నవ్వును సార్, పిల్లను కాదు. మీరు కాపాడిన ప్రతిసారీ 'ఈ అమ్మాయికి రాదని సార్‌కి ముందే తెలుసు' అని వెనక బెంచీకి అర్థమవుతుంది, ఆ పిల్లకూ అర్థమవుతుంది.

రికార్డు రాసినమ్మాయి
చాక్‌పీసు మేడం, మీతో సగమే ఒప్పుకుంటాను. మా కాలేజీలో ఒక మేడం చీటీలు తీసేవారు, నాకు ఆ పీరియడ్ అంటే కడుపునొప్పి వచ్చేది. నవ్వు ఆపకుండా పిల్లను లేపితే పంతులు సార్ చెప్పిందే జరుగుతుంది. ఆ మేడం తర్వాత పద్ధతి మార్చారు, ప్రశ్న అడిగి, పక్కవాళ్ళతో ఒక నిమిషం మాట్లాడుకోమని, ఆ తర్వాత చీటీ. 'మీ ఇద్దరూ ఏమనుకున్నారు' అని అడిగేవారు. తప్పైనా ఇద్దరి తప్పు కాబట్టి నేను నోరు విప్పాను.

నిజాంపేట నాన్న
సరే, నా డౌట్ ఇది. మావాడు ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్. జవాబు వెంటనే తడుతుంది, చెబుతాడు. ఇప్పుడు చీటీ వచ్చేదాకా నోరు మూసుకోమంటే వాడి హుషారు చచ్చిపోదా? ఫీజు మేమూ కడుతున్నాం గదా. ఎవరికో అవకాశం ఇవ్వడానికి మావాడి వంతు ఎందుకు తీసుకోవాలి?

చాక్‌పీసు
వంతులు పంచితే అలవాటుగా ఎక్కువ తీసుకునేవాళ్ళకు తగ్గుతాయి, అది అబద్ధం చెప్పి దాటవేయను. కానీ మేడం లెక్క చూడండి, చుక్కలు ఐదుగురివే. మిగతా 17 మంది అబ్బాయిలు కూడా నోరు విప్పడం లేదు.

నిజాంపేట నాన్న
అది వాళ్ళ తల్లిదండ్రులు చూసుకోవాలి.

బెంచీ నంబర్ 3
అంకుల్ 🙏 ఆ 17లో నేనొకణ్ణి

ఉప్పల్ టీచర్
గొడవ పడకండి ప్లీజ్. సోమవారం నుంచి జంటగా మాట్లాడించి తర్వాత చీటీ తీస్తాను, అరిచిన జవాబు తీసుకోను, చాక్‌పీసు వదిలి చేతులు వెనక్కి పెట్టుకుంటాను. నవ్వు సంగతే ఇంకా తెలియడం లేదు, నవ్వినవాణ్ణి లేపి నిలబెడితే నిజాంపేట సార్ చెప్పిన కేసే అవుతుంది.

లెక్కల పంతులు
నవ్వినవాణ్ణి నిలబెట్టకండి, హీరో అయిపోతాడు. తర్వాతి స్టెప్పు బోర్డు మీదికి వచ్చి చెయ్యమనండి, మా దగ్గర అదొక్కటే పనిచేసింది. మిగతాది నేను ఒప్పుకోను. చీటీల్లోంచి ఆ రోజు రానివాళ్ళవి పొద్దున్నే తీసేయండి, లేకపోతే పిలవడంలోనే పీరియడ్ అయిపోతుంది.